లాబ్రడార్ పిల్లకు ఏ ప్యాకెట్?

ఆన్‌లైన్ దుకాణంలో కుక్కల మేత కనిపించే ప్రతి పేజీ వెనకా ఒక ఫారం ఉంటుంది. ఏ జంతువుకు, ఏ వయసుకు, ఏ సైజు జాతికి, అందులో ప్రధానమైన మాంసం ఏది, ప్యాకెట్ బరువెంత అనే గళ్లు అందులో ఉంటాయి. వాటిని తయారీ కంపెనీ నింపుతుంది, లేదా సరుకు తెచ్చి అమ్మే వ్యాపారి నింపుతాడు. కొనేవాళ్లు పేజీ పక్కన ‘పప్పీ’, ‘లార్జ్ బ్రీడ్’, ‘చికెన్ లేనివి’ అని టిక్ పెడితే, ఆ గళ్లలో ఏం రాసి ఉందో దాన్నిబట్టే సరుకు వడకట్టి చూపిస్తారు. ప్యాకెట్ విప్పి లోపలున్నది పరీక్షించి పెట్టిన వడపోత కాదది. ఎక్కువ గళ్లు టిక్ చేసిన సరుకు ఎక్కువ మందికి కనిపిస్తుంది కాబట్టి ‘అన్ని జాతులకూ’, ‘అన్ని వయసులకూ’ అని నింపేయాలన్న ఆశ అమ్మేవాళ్లకు ఎప్పుడూ ఉంటుంది.

పేరు దగ్గర కూడా ఇదే జరుగుతుంది. కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు అర్ధరాత్రి ఫోన్‌లో వెతికే మాటలు ఇంచుమించు ఒకటే: లూజ్ మోషన్స్, జుట్టు రాలడం, దురద, బరువు పెరగడం లేదు, ఎముకల బలం. ఆ మాటలన్నీ సరుకు పేరు పక్కన ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరతాయి. కాబట్టి పేజీ తలకట్టును చదివితే కొనేవాళ్ల భయాలు తెలుస్తాయి గానీ మేత గురించి తెలిసేది తక్కువ. మేత గురించి చెప్పే వివరాలు నాలుగైదే ఉంటాయి. అవి ఉండేది పేజీలో చివరి ఫొటోలో, ప్యాకెట్ వెనక వైపు, చిన్న అక్షరాల్లో. వాటిని ఎలా చదవాలో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ తీసుకోవచ్చు: హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్‌లో పెరుగుతున్న మూడు నెలల లాబ్రడార్ పిల్ల, బరువు 10 కిలోలు. ‘పిల్ల సన్నగా ఉంది, కాళ్లలో బలం లేదు’ అన్నది ఇంట్లోవాళ్ల దిగులు.

ముందుగా చూడాల్సింది జాతి సైజు. ప్యాకెట్ మీద లాబ్రడార్ బొమ్మ ఉంటే చాలనుకుంటారు చాలామంది. అసలు లెక్క జాతి పేరుతో కాదు, పెద్దయ్యాక రాబోయే బరువుతో. ఇప్పుడున్న బరువుతోనూ కాదు. ఈ గీతను అందరూ ఒకే చోట గీయరు. రాయల్ కానిన్ కంపెనీ పెద్దయ్యాక 26 నుంచి 44 కిలోలు తూగే కుక్కలను ‘మ్యాక్సీ’ అంటుంది, 11 నుంచి 25 కిలోలైతే ‘మీడియం’ అంటుంది. అమెరికాలో పశువుల, పెంపుడు జంతువుల మేతకు పోషకాల కొలతలు నిర్ణయించే అధికారుల సంఘం ఆఫ్కో ‘పెద్ద సైజు’ అనేది 70 పౌండ్లు, అంటే సుమారు 32 కిలోలు, ఆపైన తూగే కుక్కలనే. మన దేశంలో అమ్మే చాలా ప్యాకెట్ల మీద కూడా ఈ ఆఫ్కో పేరు కనిపిస్తుంది. లాబ్రడార్లలో ఆడవి 25 కిలోల దగ్గర ఆగిపోవచ్చు, మగవి 36 దాకా పోవచ్చు. అంటే ఒకే ఈతలో పుట్టిన అక్కాతమ్ముళ్లు ఈ గీతకు చెరోవైపున పడవచ్చు. గీత మీదున్న పిల్లను పెద్ద జాతి కిందే లెక్కగట్టడం మేలు. ఎందుకన్నది కాల్షియం దగ్గర తెలుస్తుంది. వీధి నుంచి తెచ్చి పెంచుకునే నాటు కుక్కలకు జాతుల జాబితాలో చాలాచోట్ల పేరే ఉండదు. వాటిలో చాలావరకు పెద్దయ్యాక మధ్యస్థపు బరువులోనే ఉంటాయి కాబట్టి ‘మీడియం’ గడి వాటికి సరిపోతుంది.

రెండోది వయసు. పప్పీ, అడల్ట్ అన్న మాటలు ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వెనకవైపు ఒక వాక్యం ఉంటుంది, దానికి విలువెక్కువ. ఈ మేత ఫలానా దశకు కావలసిన పోషకాల పట్టికకు సరిపోతుందని ఆ వాక్యం చెబుతుంది. ఆఫ్కో పట్టికలు రెండే: ఒకటి ఎదుగుదలకు, గర్భం, పాలిచ్చే దశలకు కలిపి, రెండోది పెద్ద కుక్క నిలకడగా ఉండటానికి. ‘ఆల్ లైఫ్ స్టేజెస్’ అని రాసిన మేత ఎదుగుదల పట్టికను అందుకోవాలి, అంటే అది నిజానికి పిల్లల స్థాయి మేత. సీనియర్ అన్న దశకు ఈ సంఘం దగ్గర విడిగా పట్టికే లేదు. ఆ మాట పెట్టి అమ్మే మేతలో ఏది పెంచాలో ఏది తగ్గించాలో ఆయా కంపెనీలే అనుకుంటాయి. ముసలి కుక్కకు మేత కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే ‘సీనియర్’ అన్న ఒక్క మాటకు ఎక్కువ ధర పెట్టరు.

లాబ్రడార్ పిల్ల విషయంలో ఆ వెనక వాక్యం చివర మరో ముక్క కోసం వెతకాలి. 2016 తర్వాతి ఆఫ్కో పద్ధతి ప్రకారం ఎదుగుదలకు పనికొస్తుందనే మేత ‘ఇంక్లూడింగ్ గ్రోత్ ఆఫ్ లార్జ్ సైజ్ డాగ్స్’ అనో, ‘ఎక్సెప్ట్ ఫర్ గ్రోత్ ఆఫ్ లార్జ్ సైజ్ డాగ్స్’ అనో చెప్పాలి. మొదటిదుంటే పెద్ద జాతి పిల్లలకూ పెట్టవచ్చు. రెండోదుంటే వాటికి తప్ప మిగతావాటికి. పేజీలో ‘ఆల్ బ్రీడ్స్’ అని గడి నింపి ఉండి, వెనక ఫొటోలో ‘ఎక్సెప్ట్’ కనిపిస్తే వెనకున్నదాన్నే నమ్మాలి. ఈ వాక్యమే లేని ప్యాకెట్లూ మన మార్కెట్లో ఉంటాయి. అప్పుడు మిగిలేది కాల్షియం అంకె.

పెద్ద జాతి పిల్లలకు వేరే మేత ఎందుకన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ కాల్షియంలోనే ఉంది. పెద్ద కుక్కకు అవసరానికి మించి కాల్షియం అందితే పేగులు పీల్చుకోవడం తగ్గించుకుంటాయి. లేత పిల్లల్లో, ముఖ్యంగా ఆరు నెలల లోపు, ఈ కట్టడి సరిగా ఉండదు. ఎంత పెడితే అందుకు తగ్గట్టు ఒంట్లోకి వెళ్లిపోతుంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో హాజెవింకెల్ బృందం 1980లలో గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధనలు ఈ విషయాన్ని బయటపెట్టాయి. కాల్షియం ఎక్కువగా తిన్న పిల్లల్లో కీళ్ల దగ్గరి మృదులాస్థి ఎముకగా మారే క్రమం దెబ్బతిన్నది, కాళ్లు వంకరపోయాయి. త్వరగా, బరువుగా ఎదిగే జాతుల్లోనే ఈ నష్టం ఎక్కువ. పమేరియన్ పిల్లకు పెద్దగా పట్టని పొరపాటు లాబ్రడార్ పిల్లను కుంటిదాన్ని చేయగలదు.

అందుకే ఆఫ్కో ఎదుగుదల పట్టికలో కాల్షియానికి అడుగు హద్దుతో పాటు పై హద్దు కూడా ఉంది. తేమ తీసేసి లెక్కిస్తే మేతలో కనీసం 1.2 శాతం ఉండాలి. మామూలు పిల్లలకు 2.5 శాతం దాటకూడదు. పెద్ద జాతి పిల్లలకు ఆ హద్దు 1.8 శాతమే. ఇక్కడ కొనేవాళ్లు జాగ్రత్తగా చూడాల్సిన మెలిక ఒకటుంది. చాలా ప్యాకెట్ల మీద ‘కాల్షియం మినిమమ్ 1 శాతం’ అన్నంతవరకే ఉంటుంది. కనీసం ఒక శాతం అంటే లోపల ఒకటిన్నర ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. పిల్లకు ప్రమాదం పై హద్దు దగ్గర, ప్యాకెట్ చెప్పేది అడుగు హద్దు. గరిష్ఠం కూడా రాసినవాటికి ముందు చోటివ్వాలి. రాయకపోతే ప్యాకెట్ మీదుండే వినియోగదారుల ఫోన్ నంబరుకో ఈమెయిల్‌కో అడగాలి. అడగాల్సిన ప్రశ్న ఒకటే: వెయ్యి కిలో క్యాలరీల మేతలో నిజంగా ఎన్ని గ్రాముల కాల్షియం ఉంది? పెద్ద జాతి పిల్లకు జవాబు 3 గ్రాములకూ 4.5 గ్రాములకూ మధ్య ఉండాలి. ఈ ప్రశ్నకు సూటిగా జవాబివ్వలేని కంపెనీ మేత లాబ్రడార్ పిల్లకు వద్దనుకోవడమే మంచిది.

ఇప్పుడు ఆ ఫ్లాట్‌లోని పిల్ల దగ్గరికి వస్తే, దానికి రోజుకు ఎంత మేత కావాలన్నది తేల్చాలి. పశువైద్యులు వాడే లెక్క ఇలా ఉంటుంది: కుక్క కదలకుండా పడుకున్నా ఖర్చయ్యే శక్తి, కిలో క్యాలరీల్లో,

70 × (కిలోల బరువు)^0.75

ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తోనే ఇది చేయొచ్చు. బరువుకు వర్గమూలం తీయాలి, వచ్చినదానికి మళ్లీ వర్గమూలం తీయాలి, ఆ రెండు అంకెల్నీ గుణించాలి. 10కి వర్గమూలం 3.16, దానికి వర్గమూలం 1.78, రెండూ గుణిస్తే 5.62. దాన్ని 70తో గుణిస్తే సుమారు 394. నాలుగు నెలల లోపు పిల్లకు దీనికి మూడు రెట్లు, అంటే రోజుకు సుమారు 1,180 కిలో క్యాలరీలు కావాలి. కొన్న మేతలో కిలోకు 3,600 కిలో క్యాలరీలున్నాయని రాసి ఉంటే రోజుకు దాదాపు 330 గ్రాములు. దాన్ని మూడు నాలుగు పూటలుగా పెట్టాలి.

అదే పిల్ల అయిదో నెలకు 18 కిలోలకు వచ్చిందనుకుందాం. నాలుగు నెలలు దాటాక మూడు రెట్లు కాస్తా రెండు రెట్లవుతుంది. లెక్క వేస్తే 1,220 కిలో క్యాలరీలు, అంటే 340 గ్రాములు. బరువు రెట్టింపుకు దగ్గరగా వచ్చినా మేత పది గ్రాములే పెరిగింది! ఇంట్లోవాళ్లు గిన్నె మార్చేది సరిగ్గా ఇక్కడే. ‘ఇంత పెద్దదయింది, ఇంకా ఆ గుప్పెడేనా’ అని చెరో గుప్పెడు వేస్తారు. ప్యాకెట్ వెనకున్న పట్టిక కూడా ఇక్కడ తికమక పెడుతుంది. పిల్లల మేత మీదుండే పట్టికల్లో చాలావాటిలో నిలువు వరుస పెద్దయ్యాక రాబోయే బరువు, అడ్డ వరుస ఇప్పటి నెలలు. దాన్ని ఇప్పటి బరువుగా చదివితే లాబ్రడార్ పిల్ల చిన్న జాతి కుక్క వరుసలో పడి అర్ధాకలితో ఉంటుంది. తర్వాత అందరూ మేత మంచిది కాదంటారు.

లెక్కలు మొదటి అడుగు వరకే. సరిపోతున్నదో లేదో చెప్పేది పిల్ల ఒళ్లు. అరచేత్తో పక్కల మీద తేలికగా నిమిరితే పక్కటెముకలు తగలాలి, కానీ దూరం నుంచి లెక్కపెట్టేలా కనిపించకూడదు. పైనుంచి చూస్తే నడుము దగ్గర కొంచెం లోపలికి పోయి ఉండాలి. లాబ్రడార్ పిల్ల బొద్దుగా, గుండ్రంగా ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ ముచ్చట ఖరీదైనది. ప్యూరినా కంపెనీ 48 లాబ్రడార్లను పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా గమనించి 2002లో ఫలితాలు ప్రచురించింది. జతలోని ఒక కుక్కకు రెండోదానికంటే 25 శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవాటి ఆయుష్షు మధ్యస్థంగా 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. కీళ్ల అరుగుదల కూడా సన్నగా ఉన్నవాటిలో ఆలస్యంగా వచ్చింది. కాబట్టి ‘పిల్ల సన్నగా ఉంది’ అన్న దిగులు చాలా ఇళ్లలో దిగులే కాదు. ‘వెయిట్ గెయిన్’ అని పేరులో పెట్టుకున్న మేత లాబ్రడార్ పిల్లకు చూపించాల్సిన పనే లేదు.

రెండో దిగులు కాళ్ల బలం. మన పెట్ షాపుల్లో కుక్కపిల్లతో పాటు కాల్షియం సిరప్ సీసా కూడా చేతిలో పెట్టడం ఆనవాయితీ అయిపోయింది. ఆన్‌లైన్‌లో అయితే పప్పీ ఫుడ్ పేజీ కిందనే ‘దీంతో పాటు కొనేవి’ అన్న వరుసలో అది కనిపిస్తుంది. సిరప్ కొననివాళ్లు గుడ్డు పెంకులు ఎండబెట్టి పొడి చేసి మేతలో కలుపుతారు. ఇందాకటి లెక్కనే కొనసాగిస్తే ఏం జరుగుతుందో తెలుస్తుంది. మేతలో 1.3 శాతం కాల్షియం ఉంటే 330 గ్రాములతో పిల్లకు రోజుకు 4.3 గ్రాములు అందుతుంది. అన్ని క్యాలరీలకు ఆఫ్కో హద్దు ప్రకారం దానికి కావలసింది కనీసం మూడున్నర గ్రాములు, మించకూడనిది 5.3 గ్రాములు. మేత ఒక్కటే పెడితే పిల్ల హాయిగా హద్దుల మధ్యలో ఉంది. ఒక టీస్పూను గుడ్డు పెంకు పొడిలో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. అది కలిపితే రోజుకు ఆరు గ్రాములు దాటుతుంది. బలం కోసమని వేసిన ఆ చెంచాడు పొడితోనే హద్దు దాటిపోయింది.

దీనికి తలకిందులైన పొరపాటు కూడా ఉంది. కేవలం పెరుగన్నం, ఉడికించిన చికెన్‌తో పెరిగే పిల్లకు కాల్షియం నిజంగానే చాలదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. ఒళ్లు ఆ లోటును సొంత ఎముకల్లోంచి తీసుకుంటుంది, ఎముకలు పలచబడి చిన్న దెబ్బకే విరుగుతాయి. అలాంటి పిల్లకు ఎంత కాల్షియం కలపాలో పశువైద్యుడు లెక్కగట్టి చెప్పాలి. పూర్తి మేత తినే పిల్లకు మాత్రం సిరప్ అవసరం లేదు. ముందుకాళ్లు మణికట్టు దగ్గర బయటికి తిరగడం, కుంటడం, లేచేటప్పుడు మూలగడం కనిపిస్తే మేత మార్చి చూద్దామని ఆగకుండా ఎక్స్‌రే తీయించాలి.

పోషకాల తర్వాత కొనేవాళ్లు ఎక్కువగా చూసేది దినుసుల జాబితా. దినుసులను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. ఆ బరువు వండకముందుది. పచ్చి చికెన్‌లో మూడింట రెండొంతులకు పైగా నీరే. కాబట్టి ‘మొదటి దినుసు నిజమైన చికెన్’ అన్న ప్రకటన అబద్ధం కాకపోయినా, నీరు ఆవిరైపోయాక ఆ చికెన్ రెండో స్థానానికో మూడోదానికో దిగిపోవచ్చు. ‘చికెన్ మీల్’ అంటే ముందే నీరు, కొవ్వు తీసేసిన పొడి. పేరు నాసిగా వినిపిస్తుంది గానీ బరువుకు బరువు చూస్తే ప్రోటీన్ ఎక్కువ. తడి మేత, పొడి మేత పోల్చేటప్పుడూ నీటితోనే తంటా. తడి మేత పౌచ్ మీద ప్రోటీన్ 8 శాతం, తేమ 80 శాతం అని ఉంటుంది. తేమ పోగా మిగిలిన 20లో 8 అంటే 40 శాతం. పొడి మేత మీద ప్రోటీన్ 24, తేమ 10 అని ఉంటే తేమ తీసేశాక అది దాదాపు 27 శాతం. ప్యాకెట్ మీది అంకెలు చూసి పౌచ్‌లో ఏమీ లేదనుకునేవాళ్లు ఈ భాగహారం ఒకసారి చేసుకోవాలి.

దురద పెట్టే కుక్క యజమాని ‘చికెన్ లేనివి’ అన్న గడి టిక్ చేస్తాడు. ఆ గడిని ముఖ్యమైన మాంసం ఏదన్నదాన్నిబట్టి నింపుతారు. ‘ల్యాంబ్ అండ్ రైస్’ అని పేరున్న మేతలో ప్రధాన మాంసం గొర్రెదే కావచ్చు, కానీ దినుసుల్లో నాలుగోదో అయిదోదో చికెన్ మీల్ ఉండొచ్చు. ‘పౌల్ట్రీ’, ‘హైడ్రలైజ్డ్ చికెన్ లివర్’, రుచి కోసం పైన చల్లే ‘యానిమల్ డైజెస్ట్’ కూడా ఉండొచ్చు. కాబట్టి జాబితా చివరిదాకా చదవాలి. ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. దురదలన్నిటికీ మేత కారణం కాదు. మన వాతావరణంలో పిడుదులు, గజ్జి, తేమకు వచ్చే ఫంగస్ ముందు చూడాల్సినవి. మేత పడకపోవడాన్ని తేల్చే పద్ధతి ఒకటే: పశువైద్యుడు చెప్పిన ఒకే రకం మేత కనీసం ఎనిమిది వారాలు పెట్టి, బిస్కెట్లూ నమిలే ఎముకలూ అన్నీ ఆపి, దురద తగ్గాక పాత మేత మళ్లీ పెట్టి చూడటం. ఈ పరీక్షకు మామూలు దుకాణపు ‘లిమిటెడ్ ఇంగ్రీడియెంట్’ మేతలు నమ్మదగ్గవి కావు. లేబుల్ మీద లేని మాంసం ఆనవాళ్లు వాటిలో దొరికాయని పలు పరిశోధనలు చూపించాయి.

‘గ్రెయిన్ ఫ్రీ’ అన్న మాట కూడా ఇలాంటి భయం మీదే అమ్ముడవుతుంది. కుక్కల్లో మేత అలర్జీలు తెచ్చేవాటిలో ముందు వరుసలో ఉండేవి గొడ్డు మాంసం, పాలు, చికెన్. గోధుమ వాటి తర్వాత వస్తుంది, బియ్యం పేరు అరుదు. ధాన్యం తీసేసిన చోట బఠానీలు, పప్పులు, బంగాళదుంపలు చేరతాయి. ఇలాంటి మేత తిన్న కొన్ని కుక్కల్లో గుండె కండరం సాగిపోయే జబ్బు వస్తున్నట్టు ఫిర్యాదులు రావడంతో అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో విచారణ మొదలుపెట్టింది. మేతే కారణమని అది తేల్చలేదు. అన్నం తిని అరిగించుకుంటున్న కుక్కకు మాత్రం ధాన్యం లేని మేతకు ఎక్కువ డబ్బు పోయడంలో అర్థం కనిపించదు.

ప్యాకెట్ వెనక చూశాక కూడా పేజీలో రెండు చోట్ల మోసపోయే వీలుంది. ఒకటి సమీక్షలు. మూడు కిలోల పప్పీ ప్యాకెట్, పది కిలోల అడల్ట్ ప్యాకెట్, రెండు మూడు రుచులు ఒకే పేజీ కింద కలిపేస్తే వాటన్నిటి నక్షత్రాలూ కలిసిపోతాయి. పమేరియన్ యజమాని పొగడ్త లాబ్రడార్ మేత పక్కన కనిపిస్తుంది. ‘మోషన్స్ పట్టుకున్నాయి’ అన్న ఫిర్యాదుల్ని కూడా జాగ్రత్తగా చదవాలి. పాత మేత ఆపి ఒక్కసారిగా కొత్తది గిన్నెడు పెడితే ఎంత మంచి మేతకైనా విరేచనాలవుతాయి. మొదటి రెండు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు, అలా వారం పది రోజుల్లో మార్చాలి. ఇంత నిదానంగా మార్చినా ఆగకపోతే అప్పుడు మేతను అనుమానించవచ్చు. రక్తం పడినా, పిల్ల నీరసపడినా వెంటనే వైద్యుడికి చూపించాలి. టీకాలు పూర్తికాని పిల్లకు అది పార్వో కావచ్చు.

రెండోది తేదీ. ప్యాకేజీ సరుకుల కేంద్ర నిబంధనల ప్రకారం ధర, నికర బరువు, తయారీదారు చిరునామా వంటివి ఆన్‌లైన్ పేజీలో చూపించాలి. తయారైన నెల, సంవత్సరం మాత్రం పేజీలో చూపకపోయినా ఫర్వాలేదు, ప్యాకెట్ మీదుంటే చాలు. సగం ధర తగ్గింపులో వచ్చే ఇరవై కిలోల సంచి గడువు ఇంకెన్నాళ్లుందో ఇంటికొచ్చేదాకా తెలియకపోవచ్చు. రోజుకు 330 గ్రాములు తినే పిల్లకు పది కిలోలు ఒక నెల వస్తాయి, ఇరవై కిలోలు రెండు నెలలు. సంచి విప్పాక మేత పైనున్న కొవ్వు గాలికి మెక్కు వాసన పడుతుంది, వానాకాలంలో బూజూ పడుతుంది. నెల, నెలన్నరలో అయిపోయే సైజే కొనాలి, అసలు సంచిలోనే మూతి బిగించి ఉంచాలి. పెట్ షాపులో పెద్ద సంచి విప్పి కిలోల్లెక్కన తూచి ఇచ్చే మేతకు తేదీ, కాల్షియం, వెనక వాక్యం ఏవీ ఉండవు. ఎంత చవకైనా పిల్లకు అది వద్దు.

సామాన్ల పేజీల్లోనూ జాతి పేరు ఇలాగే దారి తప్పిస్తుంది. హార్నెస్ పేజీలో ‘సైజు ఎం: లాబ్రడార్, గోల్డెన్’ అని ఉంటుంది. ఎన్ని నెలల లాబ్రడార్ అన్నది ఉండదు. ఒక కంపెనీ ఎం సైజు ఛాతీ చుట్టుకొలత 40 నుంచి 54 సెంటీమీటర్లయితే, ఇంకో కంపెనీది 50 నుంచి 70 ఉండొచ్చు. దర్జీ టేపును ముందుకాళ్ల వెనక, ఛాతీ బాగా లోతుగా ఉన్నచోట చుట్టూ వేసి కొలవాలి. మన పిల్లకు 52 వచ్చిందనుకుంటే మొదటిది రెండు మూడు వారాల్లో బిగుసుకుపోతుంది. రెండోదాంట్లో ఆ కొలత కింది అంచు దగ్గరుంది కాబట్టి ఇంకొన్ని నెలలు సాగుతుంది. తొడిగాక పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి. అంతకన్నా వదులైతే పిల్ల వెనక్కి గుంజుకుని రోడ్డు మీద తప్పించుకుంటుంది, బిగుతైతే చంకల్లో ఒరుసుకుని పుండ్లు పడతాయి. సెంటీమీటర్ల పట్టిక లేని పేజీలో హార్నెస్ కొనకూడదు. నమిలే బొమ్మలకు కొలత ఇంకా సులువు: నోట్లో పూర్తిగా పట్టకూడదు, గోటితో నొక్కితే కొంచెం గుంట పడాలి. గుంట పడనంత గట్టి ఎముకలు, కొమ్ములు దవడ పళ్లను విరగ్గొడతాయి.

ఒక్క వస్తువు దగ్గర మాత్రం వడపోత పొరపాటుకు ప్రాణం పోతుంది. పిడుదుల కోసం మెడ మీద వేసే చుక్కల మందుకు బరువును బట్టి ప్యాకింగులు వేరుగా ఉంటాయి. ఉదాహరణకు ఫ్రంట్‌లైన్ ప్లస్ కుక్కలకు 10 కిలోల వరకు, 10 నుంచి 20, 20 నుంచి 40, 40 నుంచి 60 కిలోలు అని నాలుగు రకాలు. పెద్ద ప్యాకింగ్ కొని సగం సగం వేయడం సరికాదు. అంతకంటే ముఖ్యంగా, కుక్కల కోసం చేసిన కొన్ని పిడుదుల మందుల్లో, మెడ పట్టీల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లుల కాలేయం దాన్ని విడగొట్టలేదు. మందు వేసిన కుక్కను ఆనుకుని పడుకున్నా పిల్లికి వణుకు, ఫిట్స్ రావచ్చు. పేజీలో ‘కుక్కలు, పిల్లులు’ అని రెండు గళ్లూ టిక్ చేసి ఉన్నా సరే, ఇంట్లో పిల్లి ఉంటే పెట్టె మీద మందు పేరు చదివి, పెర్మెత్రిన్ అని కనిపిస్తే కొనకండి.